తాత గొంతుకు సరైన వేగం

ఆడియో క్యాసెట్‌లో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడుస్తుంది. అంటే అయిదు సెంటీమీటర్ల టేపు నలిగిందంటే ఒక సెకను పైచిలుకు మాట పోయినట్టే. పాటల క్యాసెట్‌లో ఒక సెకను పోతే ఎవరికీ పట్టదు, ఆ పాట ఇంకో చోట దొరుకుతుంది. ఒక మనిషి ఒక్కసారే మాట్లాడి పంపిన క్యాసెట్‌లో ఆ సెకను ఇక ఎక్కడా దొరకదు.

జగిత్యాల దగ్గర ఒక ఊళ్లోని ఇంట్లో అలాంటి క్యాసెట్ ఒకటుంది. 1986లో ఆ ఇంటి పెద్దాయన దుబాయిలో కూలికి పోయిన కొడుకు కోసం మాట్లాడి పంపింది. అప్పట్లో కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్ పోయినవాళ్లకూ ఇంటికీ మధ్య ఉత్తరమే దారి. చదువు రానివాళ్లు ఉత్తరం రాయాలన్నా, వచ్చింది చదివించుకోవాలన్నా ఇంకొకరి గడప తొక్కాలి. భార్యకు చెప్పుకునే మాట ఊరి పంతులు నోట వినాల్సి రావడం ఎంత ఇబ్బందో ఆ ఇళ్లవాళ్లకే తెలుసు. అందుకే గల్ఫ్ నుంచి వచ్చిన టూ ఇన్ వన్ ఉన్న ఇంటికి పోయి, ఖాళీ క్యాసెట్‌లో మాట్లాడి, సెలవు ముగించుకుని తిరిగి పోయేవాళ్ల సూట్‌కేసులో పెట్టి పంపేవాళ్లు. ఇప్పటి వాయిస్ మెసేజ్ పని అప్పుడు క్యాసెట్ చేసింది, కాకపోతే చేరడానికి వారాలు పట్టేది.

కొడుకు తిరిగొచ్చినప్పుడు క్యాసెట్ కూడా ట్రంకు పెట్టెలో వచ్చింది. తాత పోయి చాలా కాలమైంది. హైదరాబాదులో చదువుకుంటున్న మనవరాలికి అది దొరికేసరికి మూడు దెబ్బలు తిని ఉంది. లోపల టేపును హెడ్‌కు ఆనించి ఉంచే చిన్న ఫెల్ట్ ముక్క జిగురు ఎండి ఊడిపోయింది. ఒక చోట ఏదో ప్లేయర్ టేపును నమిలేస్తే, దుబాయి గదిలో ఎవరో తెగిన కొసలను సెల్లోటేపుతో అతికించారు. కిటికీలోంచి చూస్తే చుట్ట అంచు మీద తెల్లటి బూజు పొర.

ఆమె చేసిన మంచి పని, దొరికిన వెంటనే ప్లేయర్‌లో వేయకపోవడం. బూజు పట్టిన టేపును తిప్పితే ఆ దుమ్ము హెడ్‌కూ రోలర్‌కూ అంటి, తర్వాత వేసే ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది. అతుకు వదిలితే టేపు మళ్లీ చిక్కుకుంటుంది. ముందుగా క్యాసెట్ వెనక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పలకలు చూసింది. అవి విరవకుండా ఉన్నాయి, అంటే పొరపాటున రికార్డు మీట నొక్కితే తాత మాట చెరిగిపోవచ్చు. రెండింటినీ విరిచేసింది. ఈ పొరపాటు అంతకు ముందే ఒకసారి జరిగిందని తర్వాత తెలిసింది. మొదటి వైపు చివరన తాత మాట మధ్యలోనే ఆగి, నలభై సెకన్ల పాటు సినిమా పాట వస్తుంది. దానికి మందు లేదు. రికార్డు నొక్కినప్పుడు ముందు చెరిపే హెడ్ పాతదాన్ని తుడిచేసి, ఆ తర్వాతే కొత్తది రాస్తుంది. పాట కింద తాత గొంతు వెతకడం వల్ల వచ్చేదేమీ లేదు.

క్యాసెట్‌ను సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టి డబ్బాలో పెట్టి ఆరనిచ్చింది. ఆ తర్వాత మాస్కు కట్టుకుని, అయిదు మరలూ విప్పి, బూజును మెత్తటి బ్రష్‌తో ఆరుబయట దులిపింది. ఫెల్ట్ ముక్కను తిరిగి అతికించే బదులు, మరలతో విప్పే వీలున్న ఇంకో మంచి క్యాసెట్ డబ్బా తీసుకుని, పాత టేపు చుట్టలు రెండింటినీ అందులోకి మార్చింది. ఇది పెద్ద విద్యేం కాదు గానీ, చుట్టలు ఎటు వైపు ఉన్నాయో ఫోటో తీసుకోకుండా విప్పితే తిరిగి పెట్టేటప్పుడు తికమక తప్పదు. చుట్ట చేతిలోంచి జారిందంటే ఎనభై మీటర్లకు పైగా టేపు నేల మీద పరుచుకుంటుంది.

సెల్లోటేపు అతుకు దగ్గర ఎక్కువసేపు పట్టింది. ఆ జిగురు ఏళ్ల తరబడి పక్కలకు పాకి, చుట్టలో పైనా కిందా ఉన్న పొరలకు అంటుకుంటుంది. టేపుకు హెడ్‌ను తాకే వైపున అయస్కాంతపు పూత ఉంటుంది, శబ్దమంతా దాంట్లోనే. దాన్ని ముట్టుకోకుండా, వెనక వైపు మాత్రమే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదిపుల్లతో జిగురు తుడిచింది. తర్వాత క్యాసెట్ల కోసమే వచ్చే అతుకు టేపుతో, అదీ వెనక వైపే, కొసలు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా కలిపింది.

ప్లే చేసేసరికి మాట వచ్చింది, కానీ దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు. ఇక్కడే చాలామంది కంప్యూటర్‌లో ట్రెబుల్ పెంచేసి సరిపెడతారు. నా లెక్కలో అది తప్పు దారి. రికార్డు చేసిన టూ ఇన్ వన్ హెడ్ కాస్త వాలి ఉంటే, నిటారుగా ఉన్న హెడ్ మీద ఆ టేపు మందంగా వినిపిస్తుంది. స, ష లాంటి పదునైన శబ్దాలు పోతాయి. డెక్‌లో హెడ్ పక్కనే, స్ప్రింగ్ మీద కూర్చున్న చిన్న మర ఉంటుంది. టేపు నడుస్తుండగానే దాన్ని వెంట్రుకవాసి తిప్పుతూ చెవి పెట్టి వినాలి. ఎక్కడ గొంతు తేటగా విచ్చుకుంటుందో అక్కడ ఆపాలి. ఆమె మర మొదట ఉన్న చోటును మార్కర్‌తో గుర్తు పెట్టుకుని, పావు చుట్టు కూడా తిప్పకముందే తాత మాటలో ‘స’ వినపడింది. టేపు మీదున్నది హెడ్ దగ్గర అందుకోకపోతే తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని తేలేదు.

డెక్ లైన్ అవుట్ నుంచి కంప్యూటర్‌లోకి 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ WAV గా ఎక్కించింది. అర గంట వైపుకు దాదాపు 500 ఎంబీ అయింది. ఆ ఫైలును ఇక ముట్టుకోలేదు. చేసిన మార్పులన్నీ దాని నకలు మీదే.

నకలును ఆడాసిటీలో తెరిచింది. హిస్ శబ్దం తగ్గించడానికి `Noise Reduction` లో మాట లేని చోటు చూపించి `Get Noise Profile` నొక్కాలి. చిక్కేమిటంటే టూ ఇన్ వన్‌లలో శబ్దస్థాయిని వాటంతట అవే సర్దుకునే ఏర్పాటు ఉంటుంది. మనిషి మాట్లాడితే తగ్గుతుంది, ఆగితే నెమ్మదిగా పెరుగుతుంది. అందుకే తాత ఊపిరి తీసుకునే ప్రతిసారీ హిస్‌తో పాటు వాకిట్లో కోడి, దూరంగా ఎవరో పిలిచిన కేక పైకి వస్తాయి. మచ్చు తీసిన చోట ఉన్నంత హిస్ మాటల కింద ఉండదు. మచ్చును నమ్మి గట్టిగా తీసేస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు బుడబుడలాడుతుంది. ఎంత తీస్తే ఎక్కువో చెప్పే పరీక్ష అదే కిటికీలో ఉంది. `Residue` ఎంచుకుంటే, ఉంచేది కాకుండా తీసేసేది వినిపిస్తుంది. అందులో ఒట్టి హిస్ ఉంటే సరే. మాట ముక్కలు వినపడితే మనిషినే తీసేస్తున్నట్టు. ఆమె 12 డెసిబెల్స్ దగ్గర తాత మాటల కొసలు విని, 6కు దిగింది. కోడిని వదిలేసింది.

మిగిలింది వేగం. తాత గొంతు సన్నగా, హడావిడిగా ఉంది. రికార్డు చేసినప్పుడు టూ ఇన్ వన్ మెల్లగా తిరిగి ఉంటే, సరైన వేగంతో నడిచే డెక్ మీద మాట తొందరగా, పైస్థాయిలో వస్తుంది. బెల్టు సాగినా లో వోల్టేజి ఉన్నా అలా జరుగుతుంది. ఎంత మేరకు సరిచేయాలో చెప్పే సాక్షి టేపులోనే దొరికింది. అది కరెంటు గుర్రుమనే శబ్దం. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్, దాని రెట్టింపు 100. `Plot Spectrum` లో సైజు 65536 పెట్టి చూస్తే, 100 దగ్గర ఒక సన్నటి శిఖరం, 106 దగ్గర ఇంకొకటి కనిపించాయి. టేపు ఆపినా ఉండేది మొదటిది, అంటే అది ఇప్పటి డెక్‌ది. రెండోది టేపుతో పాటే వచ్చి, టేపుతో పాటే ఆగుతుంది. అది 1986 నాటిది. 100 ఉండాల్సింది 106 అయిందంటే వేగాన్ని 0.943తో గుణించాలి.

లెక్క ఇక్కడితో తేలితే బాగుండేది. కానీ ఆ రోజుల్లో మన దక్షిణాది గ్రిడ్ 50 దగ్గర నిలిచేది కాదు. కొరత ఉన్న వేళల్లో 48.5కూ, ఇంకా కిందికీ దిగేది. కరెంటు ఆ సాయంత్రం 48.5 ఉండి ఉంటే గుణించాల్సింది 0.943 కాదు, 0.915. రెండింటికీ మధ్య తేడా హార్మోనియం మీద సగం మెట్టు. తెలియని మనిషి గొంతైతే తేడా పట్టరు. కట్టుకున్న మనిషి గొంతైతే పడుతుంది.

అందుకని `Change Speed and Pitch` తో 0.943, 0.930, 0.915 పెట్టి మూడు ఫైళ్లు చేసి ఊరికి పట్టుకుపోయింది. ఏది ఏదో చెప్పకుండా బాపమ్మకు వినిపించింది.

“కొడుకా, నేను బాపును మాట్లాడుతున్న. మంచిగున్నవా? ఈడ అందరం మంచిగున్నం. వానలు పడ్డయి, నాట్లు అయినయి.”

మొదటిది విని బాపమ్మ తల అడ్డంగా ఊపింది. మూడోది విని “గింత మెల్లగ ఎప్పుడు మాట్లాడిండే? జొరమొచ్చినోని లెక్కున్నడు” అంది. మధ్యదాన్ని మళ్లీ పెట్టమంది. “గిదే బిడ్డా. గిది మీ తాత.” తర్వాత రోజు చిన్నాయనను పిలిచి విడిగా వినిపిస్తే ఆయనా మధ్యదే అన్నాడు. 0.930 అంటే ఆ సాయంత్రం గ్రిడ్ 49.3 హెర్ట్జ్ దగ్గర ఉందని అర్థం, నమ్మదగ్గ అంకె. ఇద్దరి చెవులూ, లెక్కా ఒక్క చోట కలిశాయి కాబట్టి ఆమె దాన్నే ఖాయం చేసింది. ఇద్దరూ 0.85 లాంటిది ఎంచుకుని ఉంటే నమ్మొద్దు, గ్రిడ్ అంత కిందికి దిగి నడవదు. అప్పుడు మళ్లీ మొదటి నుంచి చూడాల్సి ఉండేది.

నలిగిన చోట మాత్రం అలాగే ఉంది. “నువ్వు పంపిన పైసలు అందినయి. షావుకారుకు” అని తాత అన్న తర్వాత చిన్న టక్కు, ఆ వెంటనే “వేలు కట్టిన” అని వస్తుంది. దుబాయిలో సెల్లోటేపు వేసినవాళ్లు నలిగిన ముక్కను కోసి పారేశారు. ఎన్ని వేలో బాపమ్మకు గుర్తు లేదు. ఆ టక్కును మెత్తబరచి, మాట విరగనట్టు అతికించడం ఆడాసిటీలో చిటికెలో పని. ఆమె చేయలేదు. చేస్తే తాత షావుకారుకు ఒట్టి ‘వేలు’ కట్టినట్టు, అక్కడ అంకె ఎప్పుడూ లేనట్టు అవుతుంది. టక్కు ఉంటే వినేవాళ్లకు ఏదో పోయిందని తెలుస్తుంది. ఏ నిమిషంలో ఏం పోయిందో, ఎంత వేగం మార్చిందో, ఎంత హిస్ తీసిందో ఒక కాగితం మీద రాసి, క్యాసెట్‌తో పాటు డబ్బాలో పెట్టింది. మార్పు చేయని మొదటి ఫైలును రెండు వేర్వేరు డిస్కుల్లో దాచింది. సరిచేసింది ఇంట్లో అందరి ఫోన్లకూ పంపింది.