ఒకే పెసర, మూడు రకాల ఉడుకు

ఒకే చేలో పండిన పెసలు మన వంటింట్లోకి మూడు రూపాల్లో వస్తాయి. పచ్చగా గుండ్రంగా ఉండే గింజలు ఒకటి. వాటినే రెండు బద్దలుగా విరిచిన పొట్టు పెసరపప్పు రెండోది. ఆ పొట్టు కూడా తీసేస్తే పసుపుపచ్చటి చాయపప్పు. ఈ మూడింటినీ నానబెట్టకుండా మూడు గిన్నెల్లో ఒకే మంట మీద పెట్టి చూడండి. చాయపప్పు పావుగంట, ఇరవై నిమిషాల్లో గరిటె తిప్పితే కలిసిపోయేంత మెత్తబడుతుంది. పొట్టుపప్పుకి అరగంట దాకా పడుతుంది. పెసలు ముప్పావుగంట ఉడికినా చాలావరకు గింజ గింజగానే నిలుస్తాయి. లోపలి పిండి ఒకటే, మాంసకృత్తులు ఒకటే, ఫలితం మాత్రం మూడు రకాలు.

దీనికి కారణం బద్ద లోపలి నిర్మాణంలో ఉంది. బద్ద అంతా కంటికి కనిపించని చిన్న చిన్న కణాల కూర్పు. ఒక్కో కణం నిండా పిండి రేణువులు ఉంటాయి. ఇటుకల మధ్య సిమెంటులాగా కణానికీ కణానికీ మధ్య పెక్టిన్ అనే జిగురు ఉంటుంది. నీరు, వేడి లోపలికి చేరాక రెండు పనులు జరుగుతాయి. కణంలోని పిండి నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, బయటి జిగురు మెల్లగా కరుగుతుంది. పిండి ఉబ్బి, జిగురు ఇంకా పట్టు విడవని దశలో దించితే పప్పు ఉడికీ పలుకుగా ఉంటుంది. జిగురు కూడా కరిగిపోతే కణాలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి, పప్పు ముద్దవుతుంది. అప్పుడు కూడా కణాలు చాలావరకు పగలవు, విడిపోతాయంతే. బాగా ఎనిపిన కందిపప్పును రెండు వేళ్ల మధ్య రాస్తే సన్నటి రవ్వలా తగులుతుందే, అది ఆ విడివడిన కణాల గరుకే.

ఇక పొట్టు సంగతి. పొట్టులో ఎక్కువ భాగం పీచు, ఎంత ఉడికించినా కరగదు. గింజకి పక్కన తెల్లగా చిన్న గీతలా కనిపించే కన్ను దగ్గర నీరు ముందుగా దిగుతుంది, మిగతా చోట్ల పొట్టు దాన్ని అంత తేలిగ్గా రానివ్వదు. కొన్ని గింజల పొట్టు నీటిని అసలు లోపలికి పోనివ్వదు. రాత్రంతా నానబెట్టిన పెసల్లో కూడా రాయిలా మిగిలిపోయి, పెసరట్టు పిండి రుబ్బేటప్పుడు చేతికి తగిలేవి అవే. పొట్టు చేసే రెండో పని ఇంకా ముఖ్యం. లోపలి కణాలు విడిపోయినా వాటిని బయటికి చెదరనివ్వకుండా పట్టి ఉంచుతుంది. అందుకే ఉడికిన పెసర గింజను నొక్కితే లోపల వెన్నలా మెత్తగా ఉంటుంది, పైకి మాత్రం గింజ ఆకారం చెదరదు. గుగ్గిళ్లు చేసేవాళ్లు మంట తగ్గించి ఉడికించేది ఈ పొట్టు పగలకుండా ఉండాలనే. కుక్కరులో పెట్టినప్పుడు విజిలు ఎత్తి ఆవిరి ఒక్కసారిగా వదిలేస్తే గింజలో ఉన్న నీరు ఉన్నపళంగా మరిగి పొట్టును చీల్చేస్తుంది. ఆవిరి దానంతట అది దిగేదాకా ఆగాలి.

బద్దగా విరిచేసరికి పరిస్థితి మారిపోతుంది. రెండు బద్దలూ అతుక్కుని ఉన్న చదునైన వైపు ఇప్పుడు నీటికి పూర్తిగా తెరుచుకుంది. వీపు వైపు పొట్టు ఇంకా అంటుకుని ఉంది కాబట్టి కాస్త ఆసరా ఉంటుంది, కానీ ఉడికేకొద్దీ అదీ ఊడి పైకి తేలుతుంది. చాయపప్పుకి ఆ ఆసరా కూడా లేదు. రెండు వైపుల నుంచీ నీరు దిగుతుంది, విడివడిన కణాలను ఆపేది ఏదీ ఉండదు. పొట్టు తీసి బద్ద చేయకుండా గుండ్రంగా అమ్మే ఎర్రటి మసూరు పప్పు చూడండి. బద్ద చేసినదానికంటే కాస్త ఆలస్యంగా మెత్తబడుతుంది, చివరికి అదీ కలిసిపోతుంది. ఆకారం నిలిచేది ముఖ్యంగా పొట్టు వల్లనని, బద్ద చేయడం వల్ల ఉడుకు వేగం పెరుగుతుందని దీంతో తెలుస్తుంది.

మరి శనగపప్పు? దానికీ పొట్టు లేదు, అదీ బద్దే. అయినా బొబ్బట్ల పూర్ణానికి ఉడికించినప్పుడు నొక్కితే మెదుగుతుంది, నీళ్లు వారిస్తే బద్ద బద్దగా గిన్నెలో నిలుస్తుంది. దాని బద్ద మందం, కణాల కూర్పు గట్టిది. నీరు నడిమికి చేరడానికి ఎక్కువసేపు పడుతుంది, జిగురు తొందరగా వదలదు. అంటే పొట్టు ఉందా లేదా అన్నదే కాకుండా ఏ జాతి గింజ అన్నది కూడా చూసుకోవాలి.

చాయ పెసరపప్పును పలుకుగా నిలబెట్టవచ్చు. పొట్లకాయ పెసరపప్పు కూరకి కావలసింది అదే. ఒక కప్పు పప్పును రెండు మూడు సార్లు కడగాలి, ఎందుకంటే మరలో రాలిన పిండి, నూక ముందుగా కరిగి గిన్నెనంతా జిగటగా చేస్తాయి. తర్వాత అరగంట నానబెట్టాలి. నానిన పప్పు తొందరగా మెత్తబడిపోతుందని చాలామంది ఈ పని మానేస్తారు, కానీ ఇక్కడ నానబెట్టడమే పప్పును కాపాడుతుంది. నానని పప్పులో అంచులు ఉడికి చెదిరేసరికి కూడా నడుమ పచ్చిగా ఉంటుంది. నానితే నీరు ముందే నడిమిదాకా చేరి ఉంటుంది కాబట్టి బద్ద అంతా ఒకేసారి ఉడుకుతుంది. మరిగే నీళ్లలో పప్పు వేసి, మూత పెట్టకుండా, సన్నటి సెగన ఉంచి, గరిటె ఎక్కువగా తిప్పకూడదు. అయిదు నిమిషాలు దాటాక ఒక బద్ద తీసి వేళ్లతో నొక్కి చూడాలి. లోపల తెల్లటి చుక్క కనిపిస్తే ఇంకా ఉడకలేదు. ముద్దయితే దాటిపోయింది. చుక్క లేకుండా మెత్తగా రెండు ముక్కలుగా విరిగితే వెంటనే వార్చి పళ్లెంలో పరచాలి, గిన్నెలోనే వదిలేస్తే ఆ వేడికే ఉడికిపోతుంది.

ముద్దపప్పు కావాలనుకునేవాళ్ల ఇబ్బంది దీనికి తలకిందులు. పులుపు ఉంటే పెక్టిన్ కరగదు. చింతపండు పులుసు, టమాటా, మామిడికాయ పప్పు మెత్తబడ్డాకనే వేయాలి. ముందే వేస్తే ఎన్ని విజిల్స్ వచ్చినా బద్ద బద్దగానే ఉంటుంది. బోరు నీళ్లలో పప్పు ఉడకదన్న మాటా నిజమే. ఉప్పదనం ఉన్న ఆ నీటిలోని కాల్షియం, మెగ్నీషియం పెక్టిన్‌ను పట్టి బిగిస్తాయి. చిటికెడు వంటసోడా ఆ బిగువును సడలిస్తుంది, కానీ ఎక్కువైతే రుచి చెడుతుంది, బీ1 విటమిన్ కూడా పోతుంది. తాగే నీళ్లతో పప్పు వండుకోవడం అంతకన్నా మేలు.

అన్నీ సరిగ్గా చేసినా ఉడకని పప్పు ఒకటి ఉంది, నెలల తరబడి వేడికీ చెమ్మకూ నిల్వ ఉన్న పాత పప్పు. గింజలో ఫైటిక్ ఆమ్లం అనే పదార్థం ఉంటుంది. మామూలుగా కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని అది తన దగ్గరే పట్టి ఉంచుతుంది. వేడి, చెమ్మ కలిసినప్పుడు గింజలోని ఎంజైములు దాన్ని విరగ్గొడతాయి. విడుదలైన కాల్షియం పోయి పెక్టిన్‌కు అంటుకుంటుంది. బోరు నీళ్లు బయటి నుంచి చేసే పని ఇక్కడ గింజ లోపలే జరిగిపోతుంది. అందుకే డబ్బా నిండా కొనుక్కుని రెండు వేసవులు దాచుకోవడం కంటే ఎప్పటికప్పుడు తెచ్చుకుని గాలి చొరకుండా, పొయ్యికి దూరంగా పెట్టుకోవడం మంచిది. ఇప్పటికే అలా బిగుసుకుపోయిన కందిపప్పు ఇంట్లో ఉంటే కుక్కరుతో కుస్తీ పట్టొద్దు. దోరగా వేయించి, ఎండుమిర్చి, జీలకర్ర, ఉప్పు కలిపి కందిపొడి కొట్టుకోండి. మర గింజను పొడి చేసేస్తుంది కాబట్టి అక్కడ ఉడికే గుణంతో పనే లేదు.