అలమరలో మిగిలిన సరుకు ఎవరి లెక్క?

వదిన ఫోన్ చేసి, "ఆదివారం ఒక్క గంట రా, మంచి అవకాశం ఉంది" అంటే కాదనలేం. వెళ్లండి. స్టేజీ మీద చూపే కార్లను పక్కనపెట్టి, వదిన సొంత లెక్క అడగండి.

ఒక ఊహా లెక్క చూద్దాం. 'యాక్టివ్'గా ఉండాలంటే నెలకు 4,000 రూపాయల సరుకు కొనాలి. దాని ఎమ్మార్పీ 5,000. సగం అమ్ముడైతే 2,500 వస్తాయి. కింద చేరిన ఇద్దరూ అంతే కొంటే, 5 శాతం చొప్పున కమిషన్ 400. మీటింగులకూ ప్రయాణాలకూ 500 ఖర్చు. చేతి నుంచి పోయింది 4,500, వచ్చింది 2,900. నెలకు 1,600 లోటు, ఏడాదికి 19,200.

అయినా వదిన నష్టం లేదనే అంటారు, అందులో అబద్ధం లేదు. ఏడాదిలో 24,000 రూపాయల సరుకు అలమరలో మిగిలింది. దాన్ని కొన్న ధరకే లెక్కేస్తే 4,800 లాభం కనిపిస్తుంది. అసలు మోసపోయేది ఇక్కడే. ఇంట్లో వాడుకుంటే ఆ సరుకు విలువ, అలాంటిది వీధి చివరి కొట్లో ఎంతకు దొరుకుతుందో అంతే. కొట్లో 14,400కే దొరికితే లాభం కాస్తా 4,800 నష్టమవుతుంది. ఎక్స్‌పైరీ దాటిన డబ్బాల విలువ సున్నా.

"మనుషులను చేర్చితే సరిపోతుంది" అంటారు. ఒక్కొక్కరూ ఆరుగురిని చేరిస్తే ఆరు, 36, 216 ఇలా పెరిగి పదకొండో వరుసకు 36 కోట్లు దాటుతుంది. అంతకంటే ముఖ్యం, ఏ వరుస దగ్గర ఆగినా ప్రతి ఆరుగురిలో దాదాపు ఐదుగురు చివరి వరుసలోనే ఉంటారు. వాళ్ల కింద ఎవరూ ఉండరు, టీమ్ కమిషన్ రాదు. చివర మిగిలేది సాధారణంగా మన చుట్టాలే, అందుకే నాకు ఈ లెక్క బాధగా ఉంటుంది.

కాబట్టి రెండు విషయాలు అడగండి. పోయిన ఏడాది కంపెనీ నుంచి బ్యాంకులో పడ్డ మొత్తం, కంపెనీకి కట్టిన మొత్తం, రెండూ పక్కపక్కన. తర్వాత, గొలుసులో లేనివాళ్లలో మళ్లీ మళ్లీ కొనేవాళ్లు ఎందరు? అలాంటివాళ్లు లేకపోతే, కమిషన్ వస్తున్నది కొత్తగా చేరినవాళ్ల జేబుల్లోంచే.

2021 డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనల ప్రకారం పిరమిడ్ పథకాలు నిషిద్ధం, చేరడానికి ఫీజు తీసుకోకూడదు. ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, రద్దు చేసుకునే గడువూ ఉండాలి. చేరకముందే ఆ కాగితం ఇంటికి తెచ్చి, ఆ గడువు ఎన్ని రోజులో, విప్పని డబ్బాలు వెనక్కి తీసుకుంటారో లేదో చదవండి. "ఇవాళే సంతకం పెట్టు" అంటే పెట్టకండి. వదిన మనసు నొచ్చుకోకూడదనుకుంటే, "సభ్యత్వం వద్దు వదినా, ఆ సబ్బు నచ్చింది, ఒకటి ఇవ్వు" అనండి. ఇప్పటికే చేరి ఉంటే ముందుగా నెలవారీ ఆర్డర్ ఆపి, బిల్లులతో సహా విప్పని సరుకు గడువులోగా వాపసు చేయండి.