ట్రాష్‌లో ఉండేది ముప్పై రోజులే

జూన్ 5న ఒంగోలులో ఒక రిటైర్డ్ ఉద్యోగి ఫోన్‌లో స్టోరేజ్ నిండిందన్న హెచ్చరిక వచ్చిందనుకుందాం. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నీ కలిసే ఉంటాయి. ఆయన ఓపిగ్గా కూర్చుని 2019 నాటి పాత మెయిల్స్ వందలకొద్దీ డిలీట్ చేశారు. ఇంటి రిజిస్ట్రేషన్ దస్తావేజు స్కాన్ చేసి వకీలు పంపిన మెయిల్ కూడా వాటిలో కలిసిపోయింది. జూన్ 28న బ్యాంకు ఆ కాగితం అడిగింది. మెయిల్‌లో వెతికితే ఏమీ రాలేదు.

డాలస్‌లో ఉన్న కొడుక్కి ఫోన్ చేస్తే అతను అడిగిన మొదటి మాట, "నాన్నా, ట్రాష్‌లో చూశావా?"

ఆయన చూశారు. పైన ఈ నెలలో తీసేసిన ప్రకటనల మెయిల్సే కనిపించాయి. లేదనుకుని వెనక్కి వచ్చేశారు. చాలామంది పొరబడేది సరిగ్గా ఇక్కడే. ట్రాష్‌లో మెయిల్స్ మనం తీసేసిన రోజును బట్టి కాకుండా, అవి మనకు వచ్చిన తేదీని బట్టి వరుసగా ఉంటాయి. 2019 మెయిల్‌ను నిన్న తీసేసినా అది ఎక్కడో అడుగున పడి ఉంటుంది. మామూలుగా వెతికితే కనబడకపోవడానికీ కారణం ఉంది: జీమెయిల్ మామూలు వెతుకులాటలో ట్రాష్‌నూ స్పామ్‌నూ చూడదు. వాటిలోనూ చూడమని చెప్పాలంటే వెతికే పెట్టెలో ఇలా టైప్ చేయాలి:

```
in:trash has:attachment after:2019/01/01 before:2020/01/01
```

ట్రాష్‌లో ఉన్నవాటిలో 2019లో వచ్చి, ఏదో ఒక ఫైల్ జతగా ఉన్న మెయిల్స్ మాత్రమే చూపమని దీని అర్థం. ఆ మెయిల్ ఎక్కడుందో అసలు తెలియకపోతే `in:trash` బదులు `in:anywhere` అని రాస్తే ఆర్కైవ్, స్పామ్, ట్రాష్ అన్నీ గాలిస్తుంది. నిజానికి "పోయింది" అనుకున్న మెయిల్ ఆర్కైవ్‌లో దొరకడం తరచూ జరిగేదే. ఫోన్‌లో మెయిల్ మీద వేలు పక్కకి జరిపితే, సెట్టింగ్‌ను బట్టి అది డిలీట్ కాకుండా ఆర్కైవ్ కావచ్చు. అలాంటి దానికి గడువేమీ లేదు.

దొరికిన మెయిల్‌ను తెరిచి, మూడు చుక్కల మెనూలో ఇన్‌బాక్స్‌కి తరలించాలి. ఊరికే చదివి వదిలేస్తే లెక్క ఆగదు. ఆ లెక్క మెయిల్ ట్రాష్‌లో పడిన రోజున మొదలవుతుంది, 30 రోజులు నడుస్తుంది. మన ఉదాహరణలో గడువు జూలై 5. బ్యాంకు మరో వారం ఆలస్యంగా అడిగి ఉంటే ఆ దస్తావేజు ట్రాష్‌లోనూ దొరికేది కాదు.

ముప్పై రోజులూ ఆగకుండా మనమే గడువు కోసేసే సందర్భం ఒకటుంది. ట్రాష్‌లో ఉన్న మెయిల్స్ కూడా 15 జీబీలో లెక్కే కాబట్టి, ఎంత డిలీట్ చేసినా స్టోరేజ్ తగ్గినట్టు కనబడదు. దాంతో విసుగొచ్చి ట్రాష్ ఖాళీ చేసే బటన్ నొక్కేస్తారు. ఆ నొక్కుతో అన్నీ అప్పుడే పోతాయి. నొక్కేముందు ఒక్కసారి `in:trash has:attachment` అని వెతికి, వచ్చిన జాబితా కిందిదాకా చూడాలి. రెండు నిమిషాల పని.

అన్ని సర్వీసులకూ ఇదే లెక్క కాదు. యాహూ ట్రాష్‌లో గడువు ఏడు రోజులే. ఉచిత అవుట్‌లుక్‌లో డిలీటెడ్ ఐటమ్స్ ఫోల్డర్ ఖాళీ అయ్యాక కూడా, అదే ఫోల్డర్ పైన కనిపించే రికవర్ లింకు ద్వారా కొన్నాళ్లు వెనక్కి తెచ్చుకునే వీలుంటుంది. ఆఫీసు మెయిల్ గూగుల్ వర్క్‌స్పేస్‌ది అయితే, ట్రాష్ నుంచి పోయిన తర్వాత కూడా 25 రోజుల లోపు ఆ సంస్థ అడ్మిన్ తిరిగి తెప్పించగలరు. అందుకే ఉద్యోగులు ముందు వెళ్లాల్సింది ఐటీ విభాగం దగ్గరికి, అదీ ఆ రోజే. సొంత జీమెయిల్‌కి అలాంటి అడ్మిన్ ఎవరూ ఉండరు. ఖాతాలోకి వేరేవాళ్లు చొరబడి మెయిల్స్ తీసేశారన్న అనుమానం ఉంటే మాత్రం పాస్‌వర్డ్ మార్చి, గూగుల్ సహాయ పేజీలో ఉన్న మెయిల్ రికవరీ ఫారం నింపవచ్చు. వస్తాయన్న హామీ లేదు.

2011 ఫిబ్రవరిలో ఒక సాఫ్ట్‌వేర్ లోపం వల్ల జీమెయిల్ వాడేవారిలో సుమారు 0.02 శాతం మంది పెట్టెలు ఖాళీ అయితే, గూగుల్ టేపుల మీద దాచిన కాపీల నుంచి వాటిని తిరిగి నింపింది. ఆ టేపులు కంపెనీ తప్పు జరిగినప్పటి కోసం. మనం తీసేసిన ఒక్క మెయిల్ కోసం వాటిని తెరవరు.

గడువు దాటిపోయినా ఒక దారి మిగులుతుంది. మన దగ్గర డిలీట్ అయినంత మాత్రాన పంపినవారి సెంట్ ఫోల్డర్‌లోని కాపీకి ఏమీ కాదు. మన సెంట్ ఫోల్డర్ కూడా చూసుకోవాలి: ఆ మెయిల్‌కి జవాబు రాసి ఉంటే పాత మాటలు కింద ఉండొచ్చు గానీ ఫైల్ ఉండదు, ఇంకెవరికైనా ఫార్వర్డ్ చేసి ఉంటే సాధారణంగా ఫైలూ దానితో పాటే ఉంటుంది. ఒంగోలు పెద్దాయనకు మెయిల్ ట్రాష్‌లోనే దొరికింది కాబట్టి వకీలుకి ఫోన్ చేయాల్సిన పని పడలేదు. దస్తావేజును ఫోన్‌లోకి దించుకున్నారు, కొడుకు మెయిల్‌కి ఒక కాపీ పంపారు, ఆ తర్వాతే బ్యాంకుకి పంపారు.