ముప్ఫై మాటల బరువు

జేమ్స్ జాయిస్ నవల 'యులిసిస్'లో ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో కంప్యూటర్లు లేని రోజుల్లోనే కూర్చుని లెక్కపెట్టారు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మైల్స్ హాన్లీ బృందం 1937లో అచ్చువేసిన ఆ పదసూచిక ప్రకారం నవల మొత్తం పొడవు 2,60,430 మాటలు. తిరిగి తిరిగి వచ్చినవాటిని ఒక్కటిగా లెక్కేస్తే వేర్వేరు మాటలు 29,899.

హార్వర్డ్‌లో పనిచేసిన జార్జ్ కింగ్‌స్లీ జిఫ్ ఆ సూచికను ముందేసుకుని మాటలకు ర్యాంకులు ఇచ్చాడు. అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చినది ఒకటో ర్యాంకు, దాని తర్వాతది రెండు, అలా కిందికి. పదో ర్యాంకు మాట 2,653 సార్లు వచ్చింది. వందో ర్యాంకుది 265 సార్లు. వెయ్యో ర్యాంకుది 26 సార్లు. ర్యాంకు పదింతలైన ప్రతిసారీ లెక్క పదో వంతుకు పడిపోతోంది. ర్యాంకునూ లెక్కనూ గుణిస్తే ఎక్కడ చూసినా ఇరవయ్యారు వేల చుట్టుపక్కలే తేలుతోంది. జాయిస్ ఇలా రావాలని రాసింది కాదు. దినపత్రికను లెక్కపెట్టినా, ఉత్తరాల కట్టను లెక్కపెట్టినా దాదాపు ఇదే వరస కనిపిస్తుంది. దీన్ని జిఫ్ కన్నా ముందే గమనించినవాళ్లున్నారు, ఫ్రాన్స్‌లో ఎస్టూ అనే స్టెనోగ్రాఫర్ వారిలో ఒకడు. పేరు మాత్రం జిఫ్‌కే దక్కింది.

ఈ వరస తల భాగం అందరికీ తెలిసిందే. ఇంగ్లీషులో 'ది', 'ఆఫ్', 'అండ్' లాంటివి అక్కడ తిష్ఠ వేసుకుని ఉంటాయి. తోక భాగాన్ని మాత్రం చాలామంది పట్టించుకోరు. 'యులిసిస్'లో ఒకే ఒక్కసారి వచ్చిన మాటలు 16,432, అంటే వేర్వేరు మాటల్లో సగం కన్నా ఎక్కువ. జిఫ్ సూత్రం సగం ఉండాలంటుంది. రెండేసి సార్లు వచ్చినవి ఆరో వంతు ఉండాలంటుంది, అంటే 4,983. నవలలో ఉన్నవి 4,776.

ఒక్కసారి వచ్చిన మాటల సంఖ్య ఇంకో సంగతి కూడా చెబుతుంది. దాన్ని మొత్తం పొడవుతో భాగిస్తే, రచన అదే ధోరణిలో ముందుకు సాగితే తర్వాతి మాట ఇంతవరకూ రానిది అయ్యే అవకాశం ఎంతో తేలుతుంది. అలన్ ట్యూరింగ్ ఆలోచనను ఐ.జె. గుడ్ 1953లో ప్రచురించిన లెక్క ఇది. ఇక్కడ అది పదహారింట ఒకటి. రెండు లక్షల అరవై వేల మాటలు రాసేశాక కూడా సుమారు ప్రతి పదహారు మాటలకూ ఒక కొత్త మాట పుట్టుకొస్తూనే ఉంటుందన్నమాట. పదసంపద ఎక్కడో ఒకచోట నిండిపోయి ఆగిపోతుందనుకుంటాం. ఈ లెక్క చూస్తే అలాంటి సూచనే కనిపించదు.

వెతుకుడు యంత్రాలు కట్టేవాళ్లకు ఈ తలా తోకా రెండూ కావాలి. పాఠ్యంలో మాటలు వెతికిపెట్టే ఏ ఇండెక్స్‌లోనైనా రెండు భాగాలుంటాయి. మొదటిది మాటల పట్టిక, ప్రతి మాటకూ అందులో ఒక్క గడి. రెండోది ప్రతి మాట పక్కనా 'ఈ మాట ఫలానా ఫలానా వార్తల్లో ఉంది' అని రాసుకునే నంబర్ల వరస. వీటిని పోస్టింగులు అంటారు. పట్టిక ఎంత పెరుగుతుందన్నది తోక మీద ఆధారపడుతుంది. పోస్టింగులు ఎంత చోటు తింటాయన్నది తల మీద ఆధారపడుతుంది.

పట్టిక పెరుగుదలకు వాడే సూత్రాన్ని హీప్స్ సూత్రం అంటారు. హెచ్.ఎస్. హీప్స్ 1978లో తన పుస్తకంలో రాశాడు, గుస్తావ్ హెర్డన్ అంతకుముందే చెప్పాడు.

```
M = k × T^b
```

T అంటే మొత్తం మాటలు, M అంటే వేర్వేరు మాటలు. k, b రెండూ భాషను బట్టీ, పాఠ్యాన్ని బట్టీ, మాటలను విడగొట్టే పద్ధతిని బట్టీ మారతాయి. ఈ రంగంలో అందరూ పరీక్ష పెట్టి చూసే సేకరణ ఒకటుంది. 1996 ఆగస్టు నుంచి ఏడాదిపాటు రాయిటర్స్ సంస్థ ఇంగ్లీషులో ఇచ్చిన దాదాపు 8 లక్షల వార్తలవి. మానింగ్, రాఘవన్, షూట్జె 2008లో తెచ్చిన పాఠ్యపుస్తకం ఈ సేకరణకు k విలువ 44 అనీ, b విలువ 0.49 అనీ లెక్కతేల్చింది. మొదటి 10,00,020 మాటలకు సూత్రం ఇచ్చే జవాబు 38,323. పుస్తకం ఇచ్చిన అసలు లెక్క 38,365. తేడా 42 మాటలు!

ఇంత చక్కగా కుదరడం చూసి మురిసిపోనక్కర్లేదు, ఆ అంకెలను ఎంచుకున్నదే ఈ సేకరణకు సరిపోయేలా. పాఠ్యం బాగా చిన్నదైతే సూత్రం ఇంతలా కుదరదు కూడా. దీనితో అసలు ప్రయోజనం ముందుచూపు. b విలువ సగానికి దగ్గర్లో ఉంది కాబట్టి పాఠ్యం రెట్టింపైతే పట్టిక 40 శాతం పెరుగుతుంది. పాఠ్యం వందింతలైతే పట్టిక పదింతలకు కొంచెం లోపు. పట్టిక ఆగదు, అలాగని పాఠ్యంతో సమానంగా పరిగెత్తదు. నాలుగు లక్షల మాటలున్న రాయిటర్స్ పట్టిక సాదాగా రాస్తే 11.2 మెగాబైట్లు, కుదించి రాస్తే 5.9. పోస్టింగులైతే ఒక్కో నంబరుకు నాలుగు బైట్ల చొప్పున 400 మెగాబైట్లు.

చోటు తినేది పోస్టింగులని తేలింది కదా. 1950ల చివర ఐబీఎంలో హాన్స్ పీటర్ లూన్ మొదలుకుని చాలామంది ఇక్కడే ఒక ఉపాయం పట్టుకున్నారు. వెతకడానికి పెద్దగా పనికిరావనిపించే తలభాగం మాటలను ఇండెక్స్‌లోకి రానీయకుండా ఆపెయ్యడమే ఆ ఉపాయం. వాటినే స్టాప్ వర్డ్స్ అంటున్నాం. ఆపితే ఎంత మిగులుతుందో జిఫ్ సూత్రంతో ముందే చెప్పొచ్చు, కాగితం పెన్సిలు చాలు.

రాయిటర్స్ వార్తల్లో అంకెలు తీసేసి, పెద్దబడి చిన్నబడి తేడా చెరిపేశాక మిగిలిన వేర్వేరు మాటలు 3,91,523. ఒకటో మాట వాటాను 1 అనుకుంటే రెండోదానిది 1/2, మూడోదానిది 1/3. ఇలా ముప్ఫయ్యో మాట దాకా కూడితే దాదాపు 4 వస్తుంది. అదే కూడిక చివరి మాట దాకా సాగితే 13.5కు కాస్త తక్కువ. 4ను దీనితో భాగిస్తే 30 శాతం. అంటే ముప్ఫై మాటలు మొత్తం పాఠ్యంలో 30 శాతం ఆక్రమించాలి. నిజంగా తీసేసి చూస్తే మొత్తం మాటలు 17.92 కోట్ల నుంచి 12.19 కోట్లకు దిగాయి. తగ్గినది 32 శాతం. 150 మాటలు తీస్తే 42 శాతం తగ్గాలని సూత్రం అంటుంది, తగ్గినది 47 శాతం. తల దగ్గర జిఫ్ గీత కొంచెం వంకర పోతుంది, ఈ మాత్రం తేడా మామూలే.

ముప్ఫై మాటలు తీసినందుకు పట్టికలో తగ్గినవి సరిగ్గా ముప్ఫై గడులే. అంటే స్టాప్ వర్డ్స్ తీసేస్తే పట్టిక చిన్నదవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. పోస్టింగుల్లో కూడా ఆదా 32 శాతం ఉండదు. ఒక వార్తలో 'ది' ఇరవైసార్లు వచ్చినా ఆ వార్త నంబరు ఒక్కసారే రాసుకుంటాం కాబట్టి, అక్కడ తగ్గేది 14 శాతం. మాట ఏ వార్తలో ఎన్నో స్థానంలో ఉందో కూడా రాసుకునే ఇండెక్స్‌లోనే ఆ పూర్తి ఆదా దక్కుతుంది.

ఈ 14 శాతం కూడా కుదింపు దగ్గర కరిగిపోతుంది. పోస్టింగులను ఇప్పుడెవరూ నాలుగేసి బైట్ల నంబర్లుగా దాచరు, ఒక నంబరుకూ తర్వాతి నంబరుకూ మధ్య తేడాను మాత్రం రాస్తారు. 'ది' అన్ని వార్తల్లోనూ ఉందనుకుంటే ప్రతి తేడా 1. గామా కోడ్ అనే పద్ధతిలో 1 రాయడానికి ఒక్క బిట్ చాలు. 8 లక్షల వార్తలకు 8 లక్షల బిట్లు, అంటే లక్ష బైట్లు. నాలుగేసి బైట్లయితే అదే వరసకు 32 లక్షల బైట్లు పట్టేది. ఎక్కడో లక్ష వార్తల దూరంలో మళ్లీ కనిపించే అరుదైన మాటకు ఆ తేడా రాయడానికే 33 బిట్లు కావాలి. కుదింపు తర్వాత విడిగా చూస్తే బాగా చవకైన పోస్టింగులు స్టాప్ వర్డ్స్‌వే. 400 మెగాబైట్లు 101కి దిగాయి, ఒక్క మాటనూ పారెయ్యకుండానే.

వెతికే వేగం మాటేమిటని అడగొచ్చు. పొడుగాటి వరసలను చదవడానికి సమయం పడుతుంది, నిజమే. కానీ అన్ని వార్తల్లోనూ ఉండే మాటకు ఫలితాల వరసను నిర్ణయించడంలో విలువ దాదాపు సున్నా. కాబట్టి దాని వరసను సగంలో వదిలేసే, అసలు తెరవకుండానే దాటేసే పద్ధతులున్నాయి. అందుకే పెద్ద వెతుకుడు యంత్రాలు స్టాప్ వర్డ్స్‌ను పారెయ్యడం మానేశాయి.

మరి తెలుగు సంగతి? ఇంగ్లీషు జాబితాను తర్జుమా చేసి తెలుగు పాఠ్యం మీద పెట్టేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇంగ్లీషువాడు 'ఇన్ ది హౌస్' అని మూడు మాటలు రాస్తే అందులో రెండు స్టాప్ వర్డ్స్. మనం 'ఇంట్లో' అని ఊరుకుంటాం, తీసెయ్యడానికి విడిగా ఏదీ ఉండదు. అక్కడ తలభాగంలో ఉండే బరువులో చాలా వాటా ఇక్కడ ప్రత్యయాలై మాటల్లో కలిసిపోయింది. కాబట్టి స్టాప్ వర్డ్స్ వల్ల మనకు ఆదా తక్కువ. తోక మాత్రం పొడుగు. ఇల్లు, ఇంటికి, ఇంట్లో, ఇంట్లోంచి, ఇంట్లోనూ, ఇంటివాళ్లు అన్నీ పట్టికలో వేర్వేరు గడులే. హీప్స్ సూత్రంలో b విలువ ఇలాంటి భాషలకు ఎక్కువే ఉంటుంది. తెలుగు ఇండెక్స్‌కు ముందుగా కావలసింది మాటను విడదీసి మూలరూపం పట్టుకునే పనిముట్టు. స్టాప్ వర్డ్స్ జాబితా సంగతి తర్వాత.

పట్టిక ఉండాల్సినదానికన్నా వేగంగా పెరుగుతోంటే అది భాష గొప్పతనమో, పాఠ్యంలో చెత్తో తేల్చుకోవాలి. ఒక్కసారే వచ్చిన మాటల్లోంచి ఓ వంద తీసి చదివితే తెలిసిపోతుంది. 'మళ్ళీ', 'మళ్లీ' రెండు గడుల్లో కూర్చుంటాయి. 'బస్' చివర కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ గుర్తు (U+200C) చేరితే చూడ్డానికి తేడా లేకపోయినా ఇండెక్స్‌కు అది వేరే మాట. స్కాన్ చేసిన పుస్తకాల నుంచి తప్పుగా చదివిన అక్షరాలు వేలకొద్దీ కొత్త మాటలై వచ్చిపడతాయి. పాఠ్యం ఎక్కించేటప్పుడే వీటిని ఒకే రూపానికి తెస్తే పట్టిక చాలావరకు దారికొస్తుంది.

సర్వనామాలు స్టాప్ వర్డ్స్ జాబితాల్లో ముందే ఉంటాయి. అలాంటి జాబితా పెట్టిన తెలుగు సినిమాల వెబ్‌సైటులో 'అతడు' అని వెతికితే ఏమీ రాదు, 'మనం' అన్నా రాదు, 'నువ్వే నువ్వే' అన్నా రాదు. కుదింపు వచ్చాక కొద్దిపాటి చోటు కోసం ఇంత నష్టం పడటం దండగ. తెలుగు ఇండెక్స్ కట్టేవాళ్లు ఆ జాబితాను పక్కన పెట్టి, మాటలన్నిటినీ ఉండనివ్వాలి.