ఒక గుట్టా, రెండు గుట్టలా?

అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలోని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులో ఒక వేడినీటి బుగ్గ ఉంది. చాలాసేపు ఊరుకుని, ఉన్నట్టుండి మరిగే నీళ్లను వంద అడుగుల పైకి చిమ్ముతుంది. రెండు నుంచి అయిదు నిమిషాల్లో చల్లారుతుంది. మళ్లీ ఎదురుచూపులు. 1870లో అక్కడికి వెళ్లిన అన్వేషక బృందం, ఇది వేళ తప్పడం లేదని మెచ్చుకుని 'ఓల్డ్ ఫెయిత్‌ఫుల్' అని పేరు పెట్టింది. మాట తప్పని పెద్దాయన అన్నమాట.

ఆ పెద్దాయన మాట మీద నిలబడిన సందర్భాలు 272 ఒక జాబితాగా ఉన్నాయి. గణాంకాల పని చేసేవాళ్లు వాడే R అనే సాఫ్ట్‌వేర్‌తోపాటే అది ఉచితంగా వస్తుంది. పేరు `faithful`. ఒకసారి చిమ్మాక మళ్లీ చిమ్మేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో అందులో రాసి ఉంటుంది. అతి తక్కువ 43, అతి ఎక్కువ 96, సగటు 71కి కాస్త తక్కువ.

ఈ అంకెలకు హిస్టోగ్రామ్ గీద్దాం. మన బడి పుస్తకాల్లో దీన్ని సోపాన చిత్రం అనేవారు. అంకెల బాటను సమానమైన గళ్లుగా కోసి, ఒక్కో గడిలో ఎన్ని పడ్డాయో లెక్కపెట్టి, అంత ఎత్తు కడ్డీ నిలబెట్టడమే. గడి వెడల్పు ఎంత ఉండాలన్నది బళ్లో మనల్ని ఎవరూ అడగలేదు. 'తరగతి అంతరం' పేరుతో లెక్కలోనే ఇచ్చేసేవారు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ముందు 20 నిమిషాల గళ్లు వేద్దాం, 40 దగ్గర మొదలుపెట్టి:

```
hist(faithful$waiting, breaks = seq(40, 100, by = 20))
```

మూడు కడ్డీలు వస్తాయి: 83, 105, 84. నడుమ ఎత్తుగా, అటూ ఇటూ దాదాపు సమానంగా, చక్కని ఒంటిగుట్ట. సగటు 71 సరిగ్గా నడి గడిలోనే ఉంది. ఇది చూసినవాడు యాత్రికులకు ధైర్యంగా చెప్పేస్తాడు: 'డెబ్బై నిమిషాల తర్వాత రండి, కాస్త అటూ ఇటూ అంతే.'

ఇప్పుడు అవే అంకెలకు 5 నిమిషాల గళ్లు. 40 నుంచి వరసగా పడే లెక్కలివి: 4, 22, 33, 24, 14, 10, 27, 54, 55, 23, 5, 1. వేలితో తడుముతూ చదవండి. 33 దాకా ఎక్కి, 10కి దిగి, మళ్లీ 55కి ఎక్కింది. 50–55 దగ్గర ఒక చిన్న గుట్ట, 80 దగ్గర ఒక పెద్ద గుట్ట, మధ్యలో 65–70 దగ్గర లోయ. 71 నిమిషాల సగటు ఆ లోయ గట్టున ఉంది. 66 నుంచి 76 నిమిషాల లోపు పడినవి 272లో 46 మాత్రమే. డెబ్బై నిమిషాలకు రమ్మన్నవాడి మాట నెగ్గేది ఆరింట ఒకసారి.

మొదటి బొమ్మలో శిఖరం ఎలా వచ్చింది మరి? 60 నుంచి 80 దాకా ఉన్న ఆ నడి గడిని విప్పి చూడండి: 14, 10, 27, 54. లోయ అడుగునూ పెద్ద గుట్ట ఎడమ వాలునూ ఒకే బుట్టలో పోశాం. ఆ 54 పక్కనున్న 27తో కలిసి లోయను పూడ్చేయడమే కాదు, దాని మీద శిఖరం కట్టింది.

వెడల్పు ఒక్కటే కాదు, గళ్లు ఎక్కడ మొదలయ్యాయన్నదీ బొమ్మను మారుస్తుంది. అదే 20 నిమిషాల గడిని 40 బదులు 30 దగ్గర మొదలుపెడితే 26, 81, 159, 6 వస్తాయి. మెల్లగా ఎక్కి టక్కున పడిపోయే మూడో ఆకారం. గడి వెడల్పుగా ఉన్నకొద్దీ ఈ మొదలు పిచ్చి ముదురుతుంది. సన్నగా ఉంటే అంత పట్టదు.

అలాగని మరీ సన్నగా కోస్తే ఇంకో తంటా. ఒక్కో నిమిషానికి ఒక గడి పెట్టామనుకోండి. 86 నుంచి 90 దాకా వచ్చే లెక్కలు 6, 2, 6, 3, 6. 87వ నిమిషమంటే బుగ్గకు ఏమైనా పగా? ఏమీ లేదు. గడికి సగటున అయిదు అంకెలే పడుతున్నప్పుడు అదృష్టం కొద్దీ అటూ ఇటూ అవుతాయి. ఇందుకు ఒక మోటు కొలత ఉంది. గడిలో పడిన లెక్క వర్గమూలం ఎంతో, అంత ఊగిసలాట మామూలే అనుకోవాలి. 6 ఉన్నచోట రెండున్నర అటూ ఇటూ. కాబట్టి 6 పక్కన 2 ఉంటే పెద్దగా నమ్మక్కర్లేదు. 33కీ 55కీ నడుమ 10 పడితే మాత్రం నమ్మాలి, ఎందుకంటే 10కి ఊగిసలాట మూడే.

ఇంకో మోసం నేరుగా అంకెల్లోనే దాగుంది. ఈ జాబితాలో అన్నీ పూర్తి నిమిషాలు. గడి వెడల్పు ఒకటిన్నర నిమిషం పెడితే కొన్ని గళ్లలో రెండు నిమిషాలు, కొన్నింటిలో ఒకటే పడతాయి. 42 దగ్గర మొదలుపెడితే, 75 దాటాక వచ్చే లెక్కలు 9, 27, 10, 21, 12, 24. అచ్చం దువ్వెన పళ్లు! ఇలా ఒకటి విడిచి ఒకటి లేచే కడ్డీలు కనిపిస్తే అనుమానించాల్సింది బుగ్గను కాదు, కొలతనూ గడినీ. కొలిచిన ప్రమాణం ఎంతో, గడి వెడల్పు దానికి పూర్తి రెట్లలో ఉంటే ఈ తంటా ఉండదు.

మరి ఎంత పెట్టాలి? 1926లో స్టర్జెస్ చెప్పిన సూత్రం అంకెల సంఖ్యను బట్టి గళ్ల సంఖ్య ఇస్తుంది. ఇక్కడ పది. కానీ ఆయన మనసులో ఉన్నది గంట ఆకారపు ఒంటిగుట్ట. పైగా పది లక్షల అంకెలున్నా ఆ సూత్రం 21 గళ్లతోనే సరిపెడుతుంది. నాకు 1981లో ఫ్రీడ్‌మన్, డయాకోనిస్ ఇచ్చినది నచ్చుతుంది. అంకెలను వరసలో పేర్చి, కింది పావు భాగాన్నీ పై పావు భాగాన్నీ వదిలేసి, మిగిలిన నడిమి సగం ఎంత మేర పరుచుకుందో చూడాలి. దాన్ని రెట్టింపు చేసి, అంకెల సంఖ్య ఘనమూలంతో భాగించాలి. మన బుగ్గకు నడిమి సగం 58 నుంచి 82 దాకా, అంటే 24 నిమిషాలు. రెట్టింపు 48. 272కు ఘనమూలం సుమారు 6.5. వెడల్పు ఏడుంపావు పైన వస్తుంది. ఎక్కడో ఒకటి రెండు విపరీతమైన అంకెలున్నా ఈ నడిమి సగం చెదరదు, అదే దీని బలం. ఘనమూలం వల్ల, అంకెలు ఎనిమిది రెట్లయితేనే గడి సగం సన్నబడుతుంది.

ఆ ఏడు నిమిషాలను 42 దగ్గర మొదలుపెడితే 21, 42, 27, 17, 48, 82, 30, 5. రెండు గుట్టలూ ఉన్నాయి. అయితే రెండు గుట్టలున్నచోట ఆ నడిమి సగం లోయను కూడా కలుపుకుని సాగుతుంది కాబట్టి సూత్రం కాస్త వెడల్పు వైపే మొగ్గుతుంది. అందుకని దాన్ని మొదటి అడుగుగానే తీసుకుని, సగం చేసి ఒకసారి, మొదలు జరిపి ఒకసారి గీసి చూడాలి. R వాడేవాళ్లకు ఒక మాట: `breaks = 7` అని రాస్తే ఏడు గళ్లే వస్తాయన్న హామీ లేదు. దాన్ని సలహాగా తీసుకుని, గుండ్రని అంకెలకు సర్దేస్తుంది. కచ్చితంగా కావాలంటే పైన రాసినట్టు హద్దులన్నీ ఇవ్వాలి.

లోయ నిజమేనా అన్నదానికి గట్టి సాక్ష్యం మాత్రం కడ్డీల బయట దొరుకుతుంది. ఆ జాబితాలో రెండో వరస ఉంది: అంతకుముందు నీళ్లు చిమ్మడం ఎంతసేపు సాగింది అని. మూడు నిమిషాల లోపు ఆగిపోయినవన్నీ ఒకపక్కకు తీస్తే, ఆ తర్వాతి ఎదురుచూపు సగటున 55 నిమిషాల దగ్గర ఉంటుంది. మూడు దాటినవైతే 80 దగ్గర. ఎక్కువసేపు చిమ్మితే లోపలి నీళ్లు ఎక్కువ ఖాళీ అవుతాయి, మళ్లీ నిండి మరగడానికి ఎక్కువ సమయం పడుతుంది. అందుకే అక్కడి రేంజర్లు తర్వాతి వేళ బోర్డు మీద రాసేముందు, ఇప్పుడు చిమ్మినది ఎంతసేపు సాగిందో గడియారంలో చూసుకుంటారు.