చివరి తూముకు నీళ్లెందుకు అందవు: ఒక రైతు సంఘం కార్యదర్శి ఉత్తరం

మన మైనరు కింద సాగు చేస్తున్న రైతు సోదరులకు, సోదరీమణులకు,

మొన్నటి సమావేశంలో చివరి తూముల వాళ్లు ఒక మాట అడిగారు. కాలువకు సగం నీళ్లు వదిలారన్నారు, మరి మాకు సగమైనా రావాలి కదా, పావు వంతు కూడా ఎందుకు రాలేదని. పై తూముల వాళ్లు ‘మా తూములోంచి వచ్చిన నీళ్లే పారించుకున్నాం, అదనంగా గొట్టం పెట్టలేదు, మోటారు వేయలేదు’ అన్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు. నీళ్లు దొంగిలించేవాళ్లు ఎక్కడా లేరని నేననడం లేదు, ఉన్నచోట ఆపాల్సిందే. కానీ ఒక్క చుక్క దొంగతనం జరగకపోయినా సగం పారకంలో చివరి తూము ఎండుతుంది. అది ఎలాగో లెక్కతో చెబుతాను.

నాగార్జునసాగర్ కుడి కాలువకు 1967లో నీళ్లు వదిలారు. ఆ నీళ్లు ప్రధాన కాలువ నుంచి బ్రాంచి కాలువకు, అక్కడి నుంచి మేజరుకు, మేజరు నుంచి మైనరుకు, చివరికి తూము దాటి పంట బోదెకు వస్తాయి. ప్రతి అంచెలోనూ కొంత నేల తాగుతుంది. పై అంచెల సంగతి పక్కన పెట్టి మన కళ్లెదుట ఉండే మట్టి మైనరునే చూద్దాం. లెక్క తేలికగా ఉండేందుకు పొడవు 5 కిలోమీటర్లు, అడుగు వెడల్పు 4 అడుగులు, నిండుగా పారితే లోతు 2 అడుగులు, గట్లు ఏటవాలు అనుకుందాం. నిండు పారకం 10 క్యూసెక్కులు, తూములు 8. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే 28 లీటర్ల పైచిలుకు.

నీళ్లు ఇంకేది కాలువలో తడిసే నేల నుంచి. అడుగూ, రెండు గట్లూ కలిపి తడిసేది దాదాపు 9 అడుగుల 8 అంగుళాలు. దాన్ని 5 కిలోమీటర్ల పొడవుతో హెచ్చవేస్తే లక్షన్నర చదరపు అడుగులు దాటుతుంది. మట్టి కాలువలో తడిసిన ప్రతి 10 లక్షల చదరపు అడుగులకు 8 క్యూసెక్కులు, లైనింగ్ ఉన్న కాలువలో 2 క్యూసెక్కులు ఇంకుతాయన్నది ఇంజినీర్లు చాలాకాలంగా వాడుతున్న అంచనా. ఆ లెక్కన మన మైనరులో ఒకటింపావు క్యూసెక్కు నేలలోకి పోతుంది. మిగిలిన ఎనిమిది ముప్పావు 8 తూములకూ పంచితే తూముకు ఒక క్యూసెక్కు పైనే వస్తుంది. నిండు పారకంలో ఎవరికీ పెద్ద లోటు ఉండదు.

ఇప్పుడు మైనరు తలకు 5 క్యూసెక్కులే వదిలారనుకోండి. లోతు 2 అడుగుల నుంచి సగానికి, అంటే అడుగుకు పడదు. సుమారు 16 అంగుళాల దగ్గర నిలుస్తుంది, ఎందుకంటే నీటి వేగం కూడా తగ్గుతుంది. కాలువ అడుగు మొత్తం తడిసే ఉంటుంది, గట్ల మీద మాత్రమే తడి కిందికి దిగుతుంది. అందుకే ఇంకే నీళ్లు ఒకటింపావు నుంచి ఒక క్యూసెక్కుకు తగ్గుతాయి, అంతే. 10లో ఒకటింపావు పోయేచోట, 5లో ఒకటి పోతోంది. వచ్చే నీళ్లు సగమైనా నేల తీసుకునే వాటా సగం కాలేదు.

అంతకన్నా పెద్ద దెబ్బ తూముల దగ్గర తగులుతుంది. గొట్టపు తూము ఎంత లాగుతుందనేది దాని మీద నిలిచిన నీటి మట్టాన్ని బట్టి ఉంటుంది గానీ, మట్టం తగ్గినంతగా పారకం తగ్గదు. 2 అడుగుల మట్టం 16 అంగుళాలకు పడినా తూము తన మామూలు పారకంలో 80 శాతం పైగా, అంటే 0.9 క్యూసెక్కు దాకా లాగుతూనే ఉంటుంది. పై నాలుగు తూములు కలిపి మూడున్నర తీసుకుంటాయి. అప్పటికి నేల అర క్యూసెక్కు తాగింది. దిగువకు మిగిలింది ఒక క్యూసెక్కు. అందులో కింది సగం కాలువ మరో అర తాగితే, చివరి నాలుగు తూములకూ కలిపి దక్కేది అర క్యూసెక్కు. నాలుగో తూము చేరేసరికి మట్టం ఇంకాస్త పడుతుంది కాబట్టి లెక్క కొద్దిగా అటూ ఇటూ కావచ్చు. తీరు మాత్రం మారదు. పైన 80 శాతం అందుతుంటే కింద 10, 15 శాతం అందుతోంది. పై రైతు చేసిందల్లా తూము తెరిచి ఉంచడమే.

ఎండకు ఆవిరైపోతున్నాయని కొందరి అనుమానం. రోజుకు పావు అంగుళం ఆవిరైనా ఈ 5 కిలోమీటర్లలో పోయేది క్యూసెక్కులో నూరో వంతులు మూడు. నేల తాగే దానిలో అది నలభయ్యో వంతు.

ఇంజినీర్ల అంచనా మన నేలకు సరిపోతుందా అన్నది మనమే చూసుకోవచ్చు. కాలువ ఆపిన రోజుల్లో నూరు అడుగుల మేర రెండు చివరలా మట్టి కట్టలు వేసి, నిండా నీళ్లు పెట్టి, గుర్తులు గీసిన కర్ర పాతాలి. మొదట ఒక రోజు నేలను నాననిచ్చి మళ్లీ నింపాలి, ఎండిన నల్లరేగడి పగుళ్లు తాగే నీటిని ఊటగా లెక్కేస్తే తప్పు. ఆ తర్వాత ఒక రోజులో మట్టం జానెడు పడితే అంచనా సరైనదే. రెండు మూడు అంగుళాలే పడితే ఆ మేర గట్టిదని అర్థం. రెండు జానల దాకా పడితే కింద గరప గానీ ఇసుక గానీ ఉన్నట్టు, లేదా గట్టులో ఎలుక బొరియలు, పీతల బొక్కలు ఉన్నట్టు. కాలువ పక్క చేలో తుంగ పెరిగి, నేల ఎప్పుడూ జాలు పట్టి ఉంటే కొలవకుండానే ఆ చోటు తెలుస్తుంది. లైనింగ్ డబ్బు కొద్దిగానే వస్తే ముందు ఈ చోట్లకే అడగాలి. పలకలు పగిలి కీళ్లలో మొక్కలు మొలిస్తే లైనింగ్ లాభం చాలా మటుకు పోతుంది, కాబట్టి మరమ్మతు కూడా అడగాలి.

ఇంకిన నీళ్లన్నీ వృథా కావన్నదీ నిజం. కాలువ వెంట ఉన్న బావులు, బోర్లు ఆ ఊటతోనే నిలబడ్డాయి. మొత్తం కాలువకు లైనింగ్ వేస్తే ఆ రైతులకు కష్టం వస్తుంది. వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడకుండా తీర్మానం చేయకూడదని నా అభిప్రాయం.

ఈ సీజనుకు మాత్రం లైనింగ్ దాకా ఆగనక్కర్లేదు. వచ్చే నీళ్లు సగమే అయితే, వాటిని రోజూ సగం పారకంగా కాకుండా ఒక వారం నిండుగా, ఒక వారం ఆపి ఇవ్వమని అడుగుదాం. ఇంకేది వారం పాటే కాబట్టి రెండు వారాల సగటున అది ఒక క్యూసెక్కు బదులు ముప్పావు లోపే ఉంటుంది. అంతకంటే ముఖ్యంగా, మట్టం నిండుగా ఉంటే చివరి తూము మీద కూడా నీరు నిలుస్తుంది. ప్రతి వంతులోనూ ఎండిన కాలువ నిండడానికి పూట నుంచి రోజు దాకా పడుతుంది. అందుకే మూడు రోజుల వంతులు పనికిరావు, వారమైనా ఉండాలి. మొదటి మూడు రోజులు పై నాలుగు తూములు మూసి కింది వాళ్లకు, తర్వాత మిగతా వాళ్లకు అన్న వరస పాటిస్తే చివరి పొలం మిరపకు, పత్తికి తడి తప్పదు. వరి నాటుకున్న పై రైతులకు వారం ఆపడం ఇబ్బందే. అయితే మన మైనరు కింద చాలా భాగం ఆరుతడికి నిర్ణయించిన భూమి అన్నది వాళ్లకూ తెలుసు.

1997 నాటి రైతుల సాగునీటి యాజమాన్య చట్టం ప్రకారం వారబందీ వేసుకుని అమలు చేసుకునే పని నీటి వినియోగదారుల సంఘానిదే. పై తూముల నుంచి ఇద్దరు, కింది తూముల నుంచి ఇద్దరు, లష్కరు కలిసి ప్రతి తూము దగ్గరా ఉదయం సాయంత్రం మట్టం రాస్తే వచ్చే సమావేశంలో మాట్లాడుకోవడానికి అంకెలు ఉంటాయి. కర్రలు, నోటుబుక్కు సంఘం ఇస్తుంది. పేర్లు ఆదివారం లోగా నాకు చెప్పండి.

ఇట్లు,
రైతు సంఘం కార్యదర్శి