రెట్టింపయ్యే వోల్టేజి, చారలు పడే బేరింగు

పంపు మోటారుకు వేరియబుల్ స్పీడ్ డ్రైవ్ బిగిస్తే స్టార్టింగు కుదుపు పోతుంది, అవసరం మేరకే నీళ్లు తోడుకోవచ్చు. కానీ కొన్నిచోట్ల ఏళ్ల తరబడి సాఫీగా తిరిగిన మోటారు, డ్రైవ్ పెట్టిన కొద్ది నెలలకే వైండింగు కాలి రివైండింగు షాపుకు చేరుతుంది. మరికొన్నిచోట్ల వైండింగు బాగానే ఉంటుంది, బేరింగు మాత్రం అరవడం మొదలుపెడుతుంది. కొత్తది వేసినా మళ్లీ అదే వరస. తప్పు మోటారుదేనని అందరూ అనుకుంటారు. చాలాసార్లు అది కేబుల్ పొడవులోనూ, ఎర్తింగు చేసిన తీరులోనూ ఉంటుంది.

ఒక నీటి సరఫరా పంపుహౌస్‌ను ఊహించుకుందాం. ఏటి ఒడ్డున 37 కిలోవాట్ల, అంటే 50 హెచ్‌పీ మోటారు ఉంది. వరద భయంతో ప్యానెల్ గదిని మెరక మీద కట్టడంతో మధ్యలో 80 మీటర్ల కేబుల్ పడింది. డ్రైవ్ 415 వోల్టుల సరఫరాను ముందు డీసీగా మారుస్తుంది. అది సుమారు 587 వోల్టులు. లోపలి ట్రాన్సిస్టర్లు ఆ డీసీని ముక్కలు చేసి పల్సులుగా మోటారుకు పంపుతాయి. స్విచింగు ఫ్రీక్వెన్సీ 4 కిలోహెర్ట్జ్ అయితే ఒక్కో ఫేజులో రోజుకు 34 కోట్లకు పైగా పల్సులు వెళ్తాయి. ఒక్కో పల్సు అడుగు నుంచి శిఖరానికి లేవడానికి సెకనులో కోటో వంతు చాలు.

అంత నిటారుగా లేచిన పల్సు కేబుల్‌లో అలలా పరుగెడుతుంది. దాని వేగం మైక్రోసెకనుకు దాదాపు 150 మీటర్లు. ఆ అలకు మోటారు వైండింగు కేబుల్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ అడ్డు కాబట్టి, అల అక్కడ తగిలి వెనక్కి మళ్లుతుంది. పైపులో పారే నీటిని వాల్వుతో ఒక్కసారిగా ఆపితే ఒత్తిడి ఎగదన్నినట్టే ఇక్కడ వోల్టేజి ఎగదన్నుతుంది. వచ్చే అల, తిరిగే అల కలిసి మోటారు టెర్మినళ్ల దగ్గర 1,170 వోల్టుల దాకా చేరతాయి. దీనికి 80 మీటర్లు అక్కర్లేదు. పల్సు లేచే సమయాన్ని అల వేగంతో హెచ్చించి సగం చేస్తే 7.5 మీటర్లు వస్తుంది. కేబుల్ అంత ఉంటే చాలు, వోల్టేజి దాదాపు రెట్టింపవుతుంది.

ఈ దెబ్బ ఎక్కువగా వైండింగులోని మొదటి చుట్ల మీదే పడుతుంది. ఎనామిల్ పూత మధ్య గాలి సందుల్లో సన్నని మెరుపులు పుట్టి పూతను తినేస్తాయి. అందుకే మోటారు విప్పితే తక్కిన కాయిళ్లు పచ్చిగానే ఉండి, లీడు వైరు దగ్గరి చుట్లే ఒకచోట షార్టయి కనిపిస్తాయి. మామూలు మల్టీమీటరు ఈ శిఖరాలను పట్టుకోలేదు. హై వోల్టేజి ప్రోబ్ ఉన్న ఆసిలోస్కోపుతో టెర్మినళ్ల దగ్గరే చూడాలి.

డ్రైవ్‌ను మోటారుకు దగ్గరగా తేవడం మొదటి మందు. కుదరకపోతే డ్రైవ్ అవుట్‌పుట్ వైపు డీవీ బై డీటీ ఫిల్టర్ పెడతారు. అది పల్సు నిటారుతనాన్ని తగ్గిస్తుంది. లోతైన బోర్లలోని సబ్‌మెర్సిబుల్ మోటార్లకు కేబుల్ మరీ పొడవు కనుక సైన్ ఫిల్టర్ మేలు. కొత్త మోటారు కొనేటప్పుడు ఇన్వర్టర్ డ్యూటీ రకం అడగాలి. నీమా ప్రమాణం ఎమ్‌జీ 1లోని 31వ భాగం ప్రకారం ఇలాంటి లో వోల్టేజి మోటారు తన రేటెడ్ వోల్టేజికి 3.1 రెట్ల శిఖరాలను తట్టుకోవాలి.

ఇక బేరింగు సంగతి. మామూలు త్రీఫేజు సరఫరాలో మూడు ఫేజుల వోల్టేజీలు కలిపితే సున్నా. డ్రైవ్ పల్సుల్లో ఏ క్షణంలోనూ అలా సున్నా రాదు. ఆ మిగులు వోల్టేజి స్టేటరుకూ రోటరుకూ మధ్య గాలి సందు దాటి షాఫ్టు మీద పేరుకుంటుంది. బాల్స్ కింది గ్రీజు పొర ఇక ఆపలేనప్పుడు నిప్పురవ్వలా దూకి బాడీలోకి దిగుతుంది. ప్రతి దూకుడూ ఉక్కు మీద సూక్ష్మమైన గుంట చేస్తుంది. గుంటలు వరుసలు కట్టి, చివరికి బేరింగు అరుస్తుంది. పాడైన బేరింగును పారేయకుండా కోసి చూడాలి. బయటి రింగు లోపలి ముఖం మీద సమాన దూరంలో అడ్డ చారలు, నల్లబడ్డ గ్రీజు ఉంటే కరెంటు నడిచిందని బలంగా అనుమానించాలి.

ఇక్కడే ఎర్తింగు పాత్ర మొదలవుతుంది. కేబుల్, వైండింగుల గుండా లీకయ్యే హై ఫ్రీక్వెన్సీ కరెంటు ఎలాగైనా డ్రైవ్‌కే తిరిగి చేరాలి. మన పంపుహౌస్‌లో మోటారు బాడీని పక్కనున్న ఎర్త్ పిట్‌కు కట్టి వదిలేశారనుకుందాం. మట్టి గుండా 80 మీటర్లు వెనక్కి వెళ్లడం ఆ కరెంటుకు కష్టం. దానిలో కొంత షాఫ్టు, కప్లింగు, పంపు, ఇనుప పైపుల మీదుగా తేలిక దారి వెతుక్కుంటుంది. ఆ దారిలోనే మోటారు బేరింగులూ పంపు బేరింగులూ ఉన్నాయి. పిట్‌లో ఉప్పు, బొగ్గు పోసి ఓమ్‌లు తగ్గించినంత మాత్రాన ఇది నయం కాదు.

కావాల్సింది తిరుగుదారి. మూడు ఫేజులూ ఎర్త్ కండక్టరూ సమంగా అమర్చిన షీల్డ్ కేబుల్ వేయాలి. షీల్డును రెండు చివర్లా చుట్టూ పట్టే లోహపు గ్లాండుతో బిగించాలి. కొస మెలితిప్పి ఒక్క స్క్రూకు తగిలిస్తే హై ఫ్రీక్వెన్సీకి అది సరిపోదు. కేబుల్‌లోని ఎర్త్ కండక్టరు మోటారు నుంచి నేరుగా డ్రైవ్ ఎర్త్ టెర్మినల్‌కే రావాలి. మోటారు, బేస్‌ప్లేటు, పంపు, పైపులను వెడల్పాటి అల్లిన రాగి పట్టీతో కలపాలి. స్థానిక ఎర్త్ పిట్ మనుషుల రక్షణ కోసం ఎలాగూ ఉండాలి.

ఇంత చేసినా షాఫ్టు మీద పేరుకునే వోల్టేజి మిగులుతుంది. దానికి షాఫ్టును తాకే గ్రౌండింగు రింగు పెడతారు. వంద కిలోవాట్లు దాటిన పెద్ద మోటార్లలో షాఫ్టు, బాడీల గుండా చుట్టు తిరిగే కరెంటు కూడా ఉంటుంది కనుక, కప్లింగుకు అవతలి వైపు ఇన్సులేటెడ్ బేరింగు వేస్తారు. సైన్ ఫిల్టర్ పెట్టాం కదా అని ఇవి వదిలేయకూడదు. మామూలు సైన్ ఫిల్టర్ ఫేజుల మధ్య వోల్టేజిని సరిచేస్తుంది గానీ, ఎర్త్‌తో పోలిస్తే ఉండే ఆ మిగులు వోల్టేజిని తీసేయదు.